ఖాతాల బల్ల నుంచి సైడింగ్ వైపు: ఒక లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌ను తిరగరాసిన వైనం

బదిలీ మీద నేను బిలాస్‌పూర్ వచ్చి రెండేళ్లు దాటింది. అయితే ఈ ఊరితో నాకు చుట్టరికం అంతకు ముందు నుంచే ఉంది. మా అక్కయ్యను ఇచ్చింది ఇక్కడి తెలుగు కుటుంబానికే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడిపోయిన కుటుంబాల్లో మా బావగారిది ఒకటి. వాళ్ల తాతగారు, నాన్నగారు రైల్వేలోనే చేశారు. బావగారు మాత్రం గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ఎం.కాం. చదివి, బొగ్గు రవాణా చేసే ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌గా చేరారు. అక్కడే పదిహేడేళ్లు గడిచాయి.

కిందటేడు జూన్‌లో ఆ సంస్థ వాళ్లు ఖాతాల పని అంతా వేరే ఊరి ఆఫీసుకు మార్చేస్తున్నామని, డిసెంబరు తరువాత ఇక్కడ ఇద్దరే ఉంటారని చెప్పారు. బావగారికి నలభై ఆరేళ్లు. పెద్దమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఇంటి అప్పు ఇంకా ఎనిమిదేళ్లు ఉంది. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చి, “బావమరిదీ, నీకు మేనేజ్‌మెంట్ చదువు ఉంది కదా, ఆ లింక్డ్‌ఇన్‌లో నా పేరు కాస్త బాగా పెట్టు” అన్నారు.

ఉద్యోగం మారాలనుకునే వాళ్లు మన బ్యాంకు కుటుంబాల్లోనూ ఉన్నారు. ముఖ్యంగా బదిలీల వల్ల భర్తతోనో భార్యతోనో ఊళ్లు మారుతూ, చేసిన పనికి వేరే రంగంలో చోటు వెతుక్కునే వాళ్లు. అందుకే బావగారి అనుమతితో, పేర్లు లేకుండా, మేం ఆర్నెల్లు చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆయన్ని అడిగింది, “బావా, మీరు మళ్లీ అకౌంటెంట్‌గానే వెళ్తారా?” అని. “బిల్లులు ఎక్కించేవాణ్ని ఈ వయసులో ఎవరు తీసుకుంటారు? నాకు తెలిసింది రేక్ సంగతి” అన్నారు. అదే మాకు దొరికిన దారి. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర కార్యాలయం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కు కూడా కేంద్రం ఇదే. గేవ్రా, దీప్కా, కుస్‌ముండా గనుల నుంచి రోజూ బొగ్గు రేక్‌లు కదులుతుంటాయి. గనుల చుట్టూ వాషరీలు, సైడింగ్‌లు, రవాణా కాంట్రాక్టర్లు ఉన్నారు. వ్యాగన్లు ఎప్పుడు వచ్చాయి, ఎంతసేపట్లో నిండాయి, ఎందుకు ఆలస్యమైంది అని చూసే డిస్పాచ్, రైల్ లాజిస్టిక్స్ మనుషులు వీళ్లందరికీ కావాలి. బావగారు పదిహేడేళ్లుగా ఆ ఆలస్యాల బిల్లులే పాస్ చేస్తున్నారు.

ఆయన పాత ప్రొఫైల్ తెరిచి చూశాం. ఫోటో ఏదో పెళ్లిలో తీసింది, పక్కన ఎవరిదో భుజం. పేరు కింద సీనియర్ అకౌంటెంట్ అని ఒక ముక్క. పని గురించి ట్యాలీ, జీఎస్టీ, టీడీఎస్, బ్యాంకు రికన్సిలియేషన్. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ రేక్, సైడింగ్, డెమరేజ్ అనే మాటలు ఎక్కడా లేవు. మనిషి కోసం వెతికేవాడు ఆ మాటలే టైప్ చేస్తాడు. కనుక ఈయన ఎన్నేళ్లు వెతికినా వాడి కంటికి కనబడడు.

నేను ఏమీ రాయకుండా రెండు వారాలు ఆపాను. ఆ రెండు వారాల్లో రాయ్‌పూర్, కోర్బా, బిలాస్‌పూర్ ప్రాంతాల డిస్పాచ్, రైల్ లాజిస్టిక్స్ ఉద్యోగ ప్రకటనలు పన్నెండు పోగేసి, కాగితం మీద ప్రింటు తీసి, పదే పదే వచ్చే మాటల కింద గీతలు పెట్టమన్నాను. డెమరేజ్ తగ్గించడం, రేక్ టర్న్‌అరౌండ్, సరుకు రవాణా సమాచారం కోసం రైల్వే నడిపే ఎఫ్‌.ఓ.ఐ.ఎస్., తూకం తేడాలు, రైల్వేతో ఉత్తర ప్రత్యుత్తరాలు. ప్రతి మాట పక్కన రెండో గడిలో తను నిజంగా చేసిన పని ఏదైనా ఉంటే రాయాలి, లేకపోతే ఖాళీగా వదలాలి. ఖాళీ గడులు కూడా అవసరమే, ఎందుకంటే అవి ప్రొఫైల్‌లోకి రాకూడని మాటలు. లోడర్ల డ్యూటీ చార్ట్ వేయడం ఆయన ఎప్పుడూ చేయలేదు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

నిండిన గడుల్లో ఒకటి నన్ను ఆపేసింది. “డెమరేజ్ ఎందుకు పడుతోందో పట్టిక వేశాను” అని రాశారు. ఎప్పుడు, ఎలా అని అడిగితే, ముందు సంవత్సరం జులై నుంచి డిసెంబరు దాకా తను స్వంతంగా ఉంచుకున్న లెక్క చెప్పారు. ఈ వ్యాసానికి అదే వెన్నెముక కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

సైడింగ్‌లో ఖాళీ రేక్ పెట్టిన దగ్గర నుంచి నింపి అప్పగించేదాకా రైల్వే కొంత సమయం ఉచితంగా ఇస్తుంది. అది దాటితే డెమరేజ్. ఆయన లెక్క వేసిన రేటు వ్యాగన్‌కు గంటకు 150 రూపాయలు. గంటలో కొంత భాగమైనా పూర్తి గంట కిందే లెక్క. 58 వ్యాగన్ల రేక్‌కు గంట ఆలస్యమంటే 8,700 రూపాయలు. జులై నుంచి సెప్టెంబరు వరకు వాళ్ల సైడింగ్‌కు 46 రేక్‌లు వచ్చాయి. వాటిలో 17 గడువు దాటాయి. మొత్తం 38 గంటలు, అంటే 3,30,600 రూపాయలు. ఆఫీసులో అందరూ వానాకాలం, తడి బొగ్గు, తప్పదు అనుకున్నారు. ఈయన మాత్రం బిల్లుల మీదున్న సమయాలు వరుసగా రాసుకుంటే, గడువు దాటిన 17లో 11 రేక్‌లు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది మధ్య పెట్టినవని తేలింది. ఆ వేళలో వచ్చినవి మొత్తం 14 మాత్రమే. లోడింగ్ సగంలో ఉండగా పది గంటలకు పేలోడర్ డ్రైవర్లందరూ ఒకేసారి డ్యూటీ మారతారు. యంత్రాలు ఆగిపోతాయి. ఈయన ఆ కాగితం సైడింగ్ సూపర్‌వైజర్‌కు చూపించారు. ఆయన అక్టోబరు నుంచి డ్రైవర్లను విడతలుగా మార్చడం మొదలుపెట్టారు. తరువాతి మూడు నెలల్లో 44 రేక్‌లు వస్తే, 14 గంటలే ఆలస్యం, 1,21,800 రూపాయలు.

“అయితే రెండు లక్షలు మిగిల్చానని రాద్దామా?” అన్నారు బావగారు. అక్కడే చాలామంది ప్రొఫైల్స్ చెడిపోతాయి. అక్టోబరులో వాన తగ్గుతుంది, బొగ్గు ఆరుతుంది, లోడింగ్ ఎలాగూ వేగం పుంజుకుంటుంది. సైడింగ్ తెలిసిన ఎవరైనా మొదటి నిమిషంలోనే ఆ ప్రశ్న వేస్తారు. పైగా డ్యూటీలు మార్చింది సూపర్‌వైజర్, ఈయన కాదు. కాబట్టి పట్టికను ఇంకోసారి చీల్చి చూశాం. మిగతా వేళల్లో పెట్టిన రేక్‌లు ముందు 32కు 6 గడువు దాటితే, తరువాత 31కి 5 దాటాయి. పెద్ద తేడా లేదు. సాయంత్రం రేక్‌లు మాత్రం 14కు 11 నుంచి 13కు 2కి పడ్డాయి. వాన పగలూ కురుస్తుంది, రాత్రీ కురుస్తుంది. వాన ఒక్కటే కారణమైతే రెండు గుంపులూ తగ్గాలి. ఒక సైడింగ్, ఆర్నెల్ల లెక్క కాబట్టి దీన్ని రుజువు అనను గానీ, ఇంటర్వ్యూలో నిలబడి చెప్పగలిగిన మాట అనగలను.

అందుకే రూపాయలు తీసేసి, అనుభవం విభాగంలో ఈ వాక్యం పెట్టాం. ఇంగ్లిష్‌లోనే ఇస్తున్నాను, తెర మీద ఉన్నది అదే కనుక:

```
Traced siding demurrage to evening shift change from 6 months
of rake records; after the site team staggered shifts, late
evening rakes fell from 11 of 14 to 2 of 13.
```

కనిపెట్టింది ఎవరు, సరిచేసింది ఎవరు అన్నది ఇందులో విడివిడిగా ఉంది. ఈ వాక్యం పెట్టే ముందు ఇంకొకటి చూసుకున్నాం. సంస్థ లెక్కలు సంస్థవి. రూపాయల మొత్తం, కొనుగోలుదారుల పేర్లు, రైల్వే రసీదు నంబర్లు ఏవీ బయటికి రాలేదు. మిగిలిన అంకెలు వాడుకోవచ్చా అని ఆయన సూపర్‌వైజర్‌ను నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడిగి, సరేనన్నాకే పెట్టారు. ఖాతాదారుల వివరాల విషయంలో మనం పాటించే నియమం లాంటిదే ఇది, మన ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు.

తరువాత పేరు కింద వచ్చే వాక్యం, తెర మీద దాని పేరు Headline. 220 అక్షరాల దాకా పడుతుంది. కానీ ఫోన్‌లో, వెతుకులాట ఫలితాల్లో మొదటి కొన్ని మాటలే కనబడతాయి. కాబట్టి వెళ్లాల్సిన రంగం ముందు, వచ్చిన రంగం వెనక ఉండాలి. మా దాంట్లో నాలుగో ప్రయత్నం నిలిచింది:

```
Rail freight costs and rake turnaround | Coal siding,
demurrage, FOIS | 17 years in transport accounts
```

ఇందులో లాజిస్టిక్స్ మేనేజర్ అని లేదు గమనించండి. ఆయన ఆ ఉద్యోగం ఎప్పుడూ చేయలేదు. చేయని హోదా రాస్తే దొరికేది ఫోన్ కాల్ ఒక్కటే, ఆ కాల్ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. హోదా బదులు పని రాస్తే అబద్ధమూ ఉండదు, వెతికేవాడికీ దొరుకుతాం. అకౌంటెంట్లకు సంబంధించి ఇంకో జాగ్రత్త. సి.ఎ. ఇంటర్ దాకా చదివి ఆపేసిన వాళ్లు పేరు పక్కన సి.ఎ. అని పెట్టుకోవడం నేను చూశాను. సంస్థ సభ్యులు కాకుండా ఆ హోదా వాడటం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం నేరం. బావగారు ఆ పరీక్షలే రాయలేదు, కాబట్టి మాకు ఆ చిక్కు లేదు.

పరిచయం విభాగం, అంటే About, 2,600 అక్షరాల వరకు రాయొచ్చు. మేం అందులో సగం కూడా వాడలేదు. తెరవకుండానే కనబడేవి మొదటి రెండు మూడు వాక్యాలే. చదివేవాడి మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: అకౌంటెంట్ ఇటు ఎందుకు వస్తున్నాడు? ఆయన మాటల్లోనే జవాబు పెట్టాం: “పదిహేడేళ్లు ఆలస్యమైన రేక్‌లకు బిల్లు కట్టాను. గత రెండేళ్లుగా అవి ఎందుకు ఆలస్యమవుతున్నాయో వెతుకుతున్నాను. ఇప్పుడు పూర్తిగా ఆ పనిలోకి రావాలనుకుంటున్నాను.” మూడు వాక్యాల్లో ఎక్కడా బాధ్యతాయుతమైన, ఉత్సాహవంతమైన లాంటి మాటలు లేవు. ఆ మాటలు నా మొదటి చిత్తులో ఉన్నాయి. అక్కయ్య చదివి, “ఇదేంట్రా, పెళ్లిచూపుల బయోడేటాలా ఉంది” అంది. కొట్టేశాను.

పేరు, ఊరు విషయంలో రెండు చిన్న సంగతులు మమ్మల్ని ఇబ్బంది పెట్టాయి. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి ఛత్తీస్‌గఢ్ కాగితాల్లో తలకిందులైంది. డిగ్రీలో రావు ఇంటిపేరు స్థానంలో ఉంది, పాన్ కార్డులో అసలు ఇంటిపేరు ఉంది. ప్రొఫైల్ పేరు డిగ్రీతో కలిపి పెట్టాం, ఎందుకంటే ఉద్యోగం ఇచ్చేవాళ్లు మొదట సరిచూసేది అదే. ఊరి విషయం ఇంకా విచిత్రం. హిమాచల్ ప్రదేశ్‌లోనూ ఒక బిలాస్‌పూర్ ఉంది. బావగారు ఎన్నేళ్ల కిందటో జాబితాలో మొదట కనబడినదాన్ని నొక్కేశారు. ఊరి పేరుతో వడపోసి వెతికేవాళ్లకు ఆయన ఇంతకాలం కొండల్లో కనబడ్డారన్నమాట.

నైపుణ్యాల జాబితాలో ట్యాలీని కిందకు దించి, ప్రకటనల్లో గీతలు పెట్టిన మాటల్లో నిజంగా నిండిన గడులవి ఐదు పైన పెట్టాం. డెమరేజ్ మాఫీ కోసం రైల్వేకు అర్జీలు రాయడం ఆయనకు చాలా మామూలు పని, అందుకే జాబితాలో రాయడం మరిచిపోయారు. అది కొత్త రంగంలో విలువైన పని. మనం రోజూ చేసేది మనకు పనిలా అనిపించదు.

సిఫారసు మాటలు ఎవరిని అడగాలి అన్నదాని మీద మాకు వాదన జరిగింది. ఆయన తన ఖాతాల పెద్దను అడుగుతానన్నారు. ఆయన రాసేది నమ్మకస్తుడు, లెక్కలో దిట్ట అనే. అవి పాత రంగానికే పనికొస్తాయి. సైడింగ్ సూపర్‌వైజర్‌ను అడగమన్నాను, అదీ ఊరికే నాలుగు మంచి మాటలు కాకుండా, ఆ సాయంత్రం రేక్‌ల కాగితం తెచ్చిచ్చిన సంగతి రాయమని. స్టేషన్‌లో తెలిసిన గూడ్స్ ఉద్యోగిని కూడా అడుగుదామా అన్నారు. ప్రభుత్వ ఉద్యోగి, ప్రవర్తనా నియమాలు ఉంటాయి, స్నేహం కోసం ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాం.

పని చూపించడానికి ఒక నమూనా కూడా కావాలి. సంస్థ లెక్కలు పెట్టలేం కాబట్టి, కల్పిత అంకెలతో డెమరేజ్ లెక్క కట్టే ఎక్సెల్ షీట్ తయారుచేసి ప్రొఫైల్ పైభాగంలో Featured అనే చోట ఉంచాం. B గడిలో రేక్ పెట్టిన సమయం, C లో అప్పగించిన సమయం, D లో ఉచిత గంటలు, E లో వ్యాగన్ల సంఖ్య. మొదట వేసిన సూత్రంలో తప్పు వచ్చింది. సరిగ్గా గడువులోపే అప్పగించిన రేక్‌కు కూడా కొన్నిసార్లు గంట డెమరేజ్ చూపించేది. ఎక్సెల్ సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. 24తో హెచ్చవేస్తే ఎక్కడో చివరి దశాంశంలో చిన్న ముక్క మిగులుతుంది, పైకి గుండ్రం చేసే సూత్రం దాన్ని పూర్తి గంట చేస్తుంది. మధ్యలో ఒక ROUND వేస్తే సర్దుకుంది:

```
=ROUNDUP(ROUND(MAX(0,(C2-B2)*24-D2),4),0)*E2*150
```

ఈ తప్పుతోనే షీట్ పైకి ఎక్కించి ఉంటే, తెలిసినవాడు తెరిచిన మొదటి రోజే పట్టుకునేవాడు. కాబట్టి నమూనా ఏది పెట్టినా సరిగ్గా గడువు దగ్గర ఆగే అంకెలతో ఒకసారి నడిపి చూడండి.

ఇప్పుడు జరిగిన పొరపాటు చెప్పాలి. ఇదంతా మార్చేటప్పుడు Notify network అనే మీట ఆపేశాం. లేకపోతే కొన్ని మార్పుల కబురు పరిచయస్తులందరికీ వెళ్తుంది. అంత జాగ్రత్త పడ్డాక, ఒక రాత్రి బావగారు నాకు చెప్పకుండా Open to work నొక్కి, అందరికీ కనబడే రకం ఎంచుకున్నారు. ఫోటో చుట్టూ ఆకుపచ్చ వలయం వచ్చేసింది. మర్నాడు ఉదయం టీ దగ్గర ఆఫీసు మున్షీ, “రావ్ సాబ్, జా రహే హో క్యా?” అని అడిగాడు. మధ్యాహ్నానికి యజమాని దాకా వెళ్లింది. డిసెంబరు దాకా ఉండాల్సిన ఆయన ఉద్యోగం ఆ వారంలోనే పోతుందేమో అనిపించింది. అదృష్టం కొద్దీ, ఆ సంవత్సరం ఆడిట్ ఇంకా పూర్తి కాలేదు. రెండో రకంలో ఆ సంగతి ఉద్యోగులను వెతికే సంస్థల వాళ్లకు మాత్రమే కనబడుతుంది. మీ ప్రస్తుత సంస్థ తరఫున వెతికేవాళ్లకు కనబడకుండా చూస్తామంటారు గానీ, పూర్తి హామీ ఇవ్వమని లింక్డ్‌ఇన్ వాళ్లే చెబుతారు. ఉద్యోగంలో ఉంటూ వెతికేవాళ్లు ఈ రెండు రకాల తేడా తెలుసుకున్నాకే ఆ మీట ముట్టుకోవాలి.

ఆకుపచ్చ వలయం ఉన్న రెండు రోజుల్లో ఇంకొకటి జరిగింది. ముగ్గురు ‘రిక్రూటర్లు’ సందేశాలు పంపారు. ఒకరు పెద్ద పోర్టులో ఉద్యోగం అని చెప్పి, రిజిస్ట్రేషన్‌కు రెండు వేలు, ఆధార్ కాపీ అడిగారు. అలాంటి సొమ్ము కట్టి మా కౌంటర్ దగ్గర నిలబడిన వాళ్లను నేను చూశాను కాబట్టి బావగారు బతికిపోయారు. ఉద్యోగానికి డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోండి. ప్రొఫైల్‌లో పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు అందరికీ కనబడేలా పెట్టకండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అసలైన పిలుపులు నాలుగు వచ్చాయి. ఒకటి మళ్లీ అకౌంట్స్‌కే, కాదన్నారు. ఒక చోట లోడర్ల డ్యూటీలు నడిపిన అనుభవం కావాలన్నారు. ఆ గడి మా కాగితంలో ఖాళీ. ఆయన లేదనే చెప్పారు, వాళ్లు వద్దన్నారు. మూడో సంస్థ కోర్బా దగ్గరి వాషరీ. అక్కడి డిస్పాచ్ అధికారి ప్రొఫైల్‌లోని వాక్యం ముందు పెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న, “జులైకీ అక్టోబరుకీ పోలికేంటి? వాన తగ్గింది కదా?” అని. బావగారు కాగితం తీసుకుని, సాయంత్రం రేక్‌లు ఒక వరుసలో, మిగతావి ఒక వరుసలో రాసి చూపించారట. ఆయన కాసేపు చూసి, మీ సైడింగ్‌లో పేలోడర్లు ఎన్ని, ఎన్ని టన్నులవి అని అడిగాడు. ఆ తరువాత ముప్పావుగంట లోడింగ్ గురించే మాట్లాడుకున్నారు, ఖాతాల ఊసే రాలేదు.

జనవరిలో చేరారు. జీతం పాతదానికంటే నాలుగు వేలు తక్కువ, ప్రయాణం ఎక్కువ. ప్రొబేషన్ ఆర్నెల్లు. అది పూర్తయ్యేదాకా కొత్త హోదా ప్రొఫైల్‌లో పెట్టనంటున్నారు. ఇప్పటికి రాత్రి డ్యూటీలో కూర్చుని, పేలోడర్ డ్రైవర్ల చార్ట్ ఎలా వేస్తారో నేర్చుకుంటున్నారు.